సామాన్లతో ఇల్లు, సంతకంతో జాబితా

హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో ఫ్యాన్లు, లైట్లే ఉన్నాయి. రెండోదాంట్లో మంచం, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ ఉన్నాయి, అద్దె నెలకు ఆరు వేలు ఎక్కువ. పదకొండు నెలలకు తేడా 66,000. ఏడాదిలో ఊరు మారే ఉద్యోగమైతే సామాన్లున్నదే మేలు. మూడేళ్లుంటే తేడా రెండు లక్షలు దాటుతుంది, కాబట్టి సొంతంగా కొనుక్కోవడమే నయం.

సామాన్లున్న ఇల్లు తీసుకుంటే అసలు పేచీ ఖాళీ చేసే రోజున, అడ్వాన్సు దగ్గర వస్తుంది. అందుకే తాళాలు తీసుకునే రోజే ఓనరుతో కలిసి గదిగదీ తిరిగి జాబితా రాయండి. ‘సోఫా-1, బాగుంది’ అని రాస్తే చాలదు. ‘మూడు సీట్ల సోఫా, కుడి చేతి కింద రెండంగుళాల చిరుగు’ అని రాయాలి. ఏసీకి కంపెనీ, సీరియల్ నంబరు రాసి, ఆన్ చేసి చల్లబడుతోందో లేదో చూసి అదీ రాయాలి. గీజరు, కుళాయిలు, తాళంచెవుల సంఖ్య మరిచిపోవద్దు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత ఉండదని, ఏసీ గ్యాస్ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి. రెండు ప్రతులు తీసి, ప్రతి పేజీమీదా ఇద్దరూ తేదీతో సంతకం చేసి, అగ్రిమెంటుకు జతపరచండి. ఫొటోలు అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.