మాత్ర ఐదున్నరకి, ఫోన్ మోగింది ఆరుంబావుకి

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగమంటారు డాక్టర్లు. అందుకే చాలా ఇళ్లలో ఆ మాత్రకి తెల్లవారుజామున ఒక టైం పెట్టుకుంటారు. అలాంటి ఒక ఇంటిని తీసుకుందాం. అమ్మ ఫోన్లో మందులు గుర్తుచేసే యాప్ ఉంది. రోజూ 5:30కి ఠంచనుగా మోగేది. ఫోన్ పాతబడిందని కొడుకు ఆండ్రాయిడ్ 14 ఉన్న కొత్త ఫోన్ కొనిచ్చాడు. పాత ఫోన్లోని యాప్‌లు, ఫోటోలు, నంబర్లు అన్నీ కొత్తదానిలోకి మార్చి పెట్టాడు. మందుల యాప్ తెరిచి చూస్తే మాత్ర పేరు, టైం, మోత అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగు రోజులయ్యాక అమ్మ ఫోన్ చేసింది: "నీ కొత్త ఫోను నాకన్నా ఆలస్యంగా లేస్తోందిరా. ఆరుంబావుకి టైం చూద్దామని నేను దాన్ని చేతిలోకి తీసుకుంటే అప్పుడు మోగుతోంది."

యాప్ పాడవలేదు, ఫోన్ కూడా పాడవలేదు. మార్పిడిలో అన్నీ వచ్చాయి గానీ ఒక్క అనుమతి రాలేదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో దాని పేరు Alarms & reminders. ఒక యాప్ చెప్పిన నిమిషానికే ఫోన్‌ని నిద్రలేపొచ్చా లేదా అన్నది ఈ అనుమతి తేలుస్తుంది.

రాత్రి బల్లమీద పెట్టిన ఫోన్ తెర ఆరిపోవడంతో ఆగదు. లోపలి ప్రాసెసర్ కూడా పడుకుంటుంది. వాట్సాప్, మెయిల్, వాతావరణం, వార్తలు, ఆటలు, ప్రతి యాప్‌కీ అప్పుడప్పుడూ లేచి ఏదో పని చేసుకోవాలని ఉంటుంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు లేపుతూ పోతే తెల్లారేసరికి బ్యాటరీ బాగా తగ్గిపోతుంది. అందుకని ఆండ్రాయిడ్ ఒక పద్ధతి పెట్టింది. తొందర లేని పనులన్నిటినీ పోగేసి, ఒకసారి లేచినప్పుడే అన్నీ కానిచ్చేస్తుంది. షేర్ ఆటోవాడు నలుగురైదుగురు ఎక్కేదాకా బండి కదపడు కదా, అదే లెక్క. మందుల యాప్ ఆ ఆటో ఎక్కితే బయల్దేరే టైం దాని చేతిలో ఉండదు.

ఈ పద్ధతి ఒక్కరోజులో వచ్చింది కాదు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచే యాప్‌లు మామూలుగా పెట్టే అలారాలన్నీ ఉజ్జాయింపు అలారాలైపోయాయి. కచ్చితమైన టైం కావాలంటే యాప్ ప్రత్యేకంగా అడగాలి. 2015లో ఆండ్రాయిడ్ 6 డోజ్ అనే గాఢనిద్రను తెచ్చింది. ఛార్జర్ పీకేసి, కదలకుండా, తెర ఆరిపోయి ఉన్న ఫోన్ కొంతసేపటికి అందులోకి జారుకుంటుంది. మధ్యమధ్య కాసేపు కళ్లు తెరిచి పోగుపడిన పనులు ముగించుకుని మళ్లీ పడుకుంటుంది. రాత్రి గడిచేకొద్దీ ఆ మెలకువల మధ్య ఎడం పెరుగుతుంది. అంటే తెల్లవారుజాము వచ్చేసరికి ఫోన్ అన్నిటికన్నా మొండి నిద్రలో ఉంటుంది. అమ్మ మాత్ర టైం సరిగ్గా అదే.

డోజ్‌లో ఉన్నా సరే లేపే మార్గాలు ఆండ్రాయిడ్‌లోనే ఉన్నాయి. అన్నిటికన్నా గట్టిది గడియారం యాప్‌లు వాడేది. అది పెట్టిన అలారం దగ్గరపడుతుంటే ఫోన్ తనంతట తానే ముందుగా గాఢనిద్రలోంచి బయటికొస్తుంది. పైన పట్టీలో చిన్న అలారం గుర్తు కనిపిస్తుందే, అది ఈ రకం అలారం పెట్టి ఉందని చెప్పే గుర్తు. మొదట్లో ఏ యాప్ అయినా, ఎవరినీ అడక్కుండా ఈ మార్గాలు వాడుకునేది. అవసరం లేని యాప్‌లు కూడా వాడుకున్నాయి. అక్కడొచ్చింది తంటా.

2021లో ఆండ్రాయిడ్ 12 దీనికి తలుపు బిగించింది. కచ్చితమైన అలారం కావాలనుకునే యాప్ SCHEDULE_EXACT_ALARM అనే అనుమతి తీసుకోవాలంది. అయితే తలుపు తెరిచే ఉంచింది: యాప్ వేసుకోగానే అనుమతి దానంతటదే వచ్చేది, వద్దనుకున్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయొచ్చు. తరువాతి ఏడాది ఆండ్రాయిడ్ 13లో USE_EXACT_ALARM అని ఇంకొకటి వచ్చింది. ఇది ఉన్న యాప్‌ని వాడేవాళ్లు కూడా ఆపలేరు. కానీ దీన్ని అలారం, టైమర్, క్యాలెండర్ లాంటి యాప్‌లు మాత్రమే పెట్టుకోవాలని గూగుల్ ప్లే స్టోర్ నియమం. మందులు గుర్తుచేసే యాప్ ఈ జాబితాలోకి వస్తుందా అంటే అటూ ఇటూ కాని చోట నిలబడుతుంది. నా మట్టుకు నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. గుడ్డు ఉడకబెట్టే టైమర్‌కి దొరికే హామీ మాత్ర గుర్తుచేసే యాప్‌కి రాసిపెట్టి లేదు. దాంతో అలాంటి యాప్‌లు చాలావరకు మొదటి అనుమతి మీదే నడుస్తాయి.

2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఆ మొదటి అనుమతినే మూసి ఉంచింది. ఆండ్రాయిడ్ 13కో ఆ పై వెర్షన్లకో తగ్గట్టు తయారైన యాప్‌ని 14 ఉన్న ఫోన్లో కొత్తగా వేసుకుంటే, కచ్చితమైన అలారం అనుమతి లేకుండానే వస్తుంది. మనం చేత్తో ఇవ్వాలి. ప్లే స్టోర్లో అప్‌డేట్లు అందుకుంటున్న యాప్‌లన్నీ దాదాపుగా ఈ లెక్కలోకే వస్తాయి.

మన కథలోని మెలిక ఇక్కడుంది. పాత ఫోనే అప్‌డేట్ అయి 14కి మారి ఉంటే, అంతకుముందు ఉన్న అనుమతి అలాగే నిలిచి ఉండేది. కొత్త ఫోన్ కొని, పాతదాని డేటా అందులోకి మార్చుకుంటే మాత్రం యాప్ కొత్తగా వేసినట్టే లెక్క. మాత్రల జాబితా వస్తుంది, అనుమతి రాదు. అందుకే ఒకే యాప్, ఒకే ఆండ్రాయిడ్ ఉన్న రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టినా ఒకటి టైంకి మోగి, ఇంకొకటి మోగకపోవచ్చు. షాపువాడిని అడిగినా "సెట్టింగ్స్ అన్నీ సేమే కదండీ" అంటాడు. చూసే చోట చూడకపోతే నిజంగానే సేమ్.

అనుమతి లేకుండా యాప్ కచ్చితమైన అలారం పెట్టబోతే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. యాప్ అక్కడికక్కడే కూలిపోతుంది. అది జరగకూడదని తయారుచేసేవాళ్లు ముందే అనుమతి ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఉజ్జాయింపు అలారంతో సరిపెడతారు. ఉజ్జాయింపు అంటే ఎంత? ఆండ్రాయిడ్ 12 నుంచి లెక్క ఇది: చెప్పిన టైం తర్వాత గంటలోపు ఎప్పుడైనా మోగొచ్చు. డోజ్‌లో ఉన్నా, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా ఆ గంట హామీ కూడా లేదు. కాబట్టి అమ్మ ఫోన్ 5:30 నుంచి 6:30 దాకా మనసొచ్చినప్పుడు మోగే హక్కుతో, దాని మీద డోజ్ నిద్రతో పడుకుని ఉంది. ఆరుంబావుకి అమ్మ చేతిలోకి తీసుకుంది, తెర వెలిగింది, నిద్ర తెగింది, ఆగి ఉన్న అలారం బయటపడింది. ఫోన్ ముట్టుకోగానే మోగడం ఈ జబ్బుకి అసలైన లక్షణం. అసలే మోగకపోతే కారణం వేరే చోట వెతకాలి.

కొడుకు ఊరుకోలేదు, ఆదివారం ఇంటికొచ్చి పరీక్షించాడు. రెండు నిమిషాల తర్వాత మోగేలా రిమైండర్ పెట్టాడు. బాగానే మోగింది. "ఇదిగో, పనిచేస్తోందిగా అమ్మా" అన్నాడు. ఈ పరీక్షను నమ్మకూడదు. ఉజ్జాయింపు అలారానికి ఆండ్రాయిడ్ ఇచ్చే వెసులుబాటు, అది ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి పెరుగుతుంది. దూరంలో సుమారు ముప్పావువంతు, మించితే గంట. రెండు నిమిషాల అలారానికి ఆలస్యం మహా అయితే నిమిషంన్నర. అదీ ఫోన్ చేతిలో మెలకువగా ఉండగా. రేపటి అలారానికి మాత్రం పూర్తి గంట. రాత్రి ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి పడుకునేవాళ్లకి కూడా సంగతి సగమే తెలుస్తుంది, ఎందుకంటే ఛార్జర్‌కి తగిలించి ఉన్నంతసేపు డోజ్ రాదు. ఆలస్యం తగ్గుతుంది, పోదు.

అనుమతి ఇవ్వడం కష్టమేమీ కాదు. Settings లో Apps, అందులో Special app access, అందులో Alarms & reminders. కంపెనీని బట్టి మధ్యలో పేర్లు కొద్దిగా మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో alarms అని కొడితే వస్తుంది. అక్కడ మందుల యాప్ పేరు నొక్కితే Allow setting alarms and reminders అనే మీట కనిపిస్తుంది. జాగ్రత్తగా రాసిన యాప్ అయితే తనే ఈ పేజీ దాకా తీసుకొచ్చి నిలబెడుతుంది. కెమెరా, లొకేషన్ అనుమతుల్లాగా పైకి వచ్చే చిన్న పెట్టెలో Allow నొక్కితే అయిపోయేది కాదిది. అందుకే ఆ పేజీ చూసి కంగారుపడి వెనక్కి వచ్చేసేవాళ్లు చాలామంది. యాప్ ఇంకోసారి అడక్కపోతే సంగతి అంతటితో మరుగున పడిపోతుంది.

మీట ఆన్ చేశాక ఇంకొక పని ఉంది. పాత ఉజ్జాయింపు అలారాలు వాటంతటవే కచ్చితమైనవిగా మారిపోవు. అనుమతి వచ్చిందని ఆండ్రాయిడ్ యాప్‌కి కబురు పంపుతుంది. అది విని యాప్ అలారాలన్నీ మళ్లీ పెట్టుకోవాలి. అన్ని యాప్‌లూ ఆ కబురు వినేలా రాసి ఉండవు. కాబట్టి ఒకసారి యాప్ తెరిచి, మాత్ర టైంని మార్చి మళ్లీ పాత టైంకే సేవ్ చేస్తే అనుమానం ఉండదు. ఎప్పుడైనా బ్యాటరీ మిగులుతుందని ఆ మీట ఆఫ్ చేస్తే మాత్రం ఆలస్యం ఒక్కటే కాదు. యాప్‌ని ఆండ్రాయిడ్ ఆపేసి, అది పెట్టిన కచ్చితమైన అలారాలన్నీ కొట్టేస్తుంది. మళ్లీ తెరిచేదాకా చప్పుడుండదు.

అసలు మోగని ఫోన్ల సంగతి వేరని పైన అన్నాను. వాటికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి, ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపించడానికి కూడా విడిగా అనుమతి కావాలి. అది లేకపోతే యాప్ టైంకి లేచినా నోరెత్తలేదు. రెండోది, యాప్ సమాచారం పేజీలో Force stop నొక్కడం. అలా ఆపిన యాప్ అలారాలు చెరిగిపోతాయి. ఫోన్ స్లోగా ఉందని ఇంటికొచ్చిన మేనల్లుడెవరో నాలుగు యాప్‌లకి Force stop కొట్టి వెళ్లడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. కొన్ని కంపెనీలు బ్యాటరీ పేరుతో తమ సొంత ఆంక్షలు కూడా పెడతాయి. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో Unrestricted ఉంటే అది ఎంచుకోవాలి.

ఇక నమ్మదగిన పరీక్ష. రాత్రి పడుకునే ముందు మర్నాడు పొద్దున టైంకి రిమైండర్ పెట్టి, ఛార్జర్ పీకేసి, ఫోన్‌ని ముట్టుకోకుండా బల్లమీద వదిలేయాలి. పక్కన మామూలు గోడ గడియారం చూసుకుంటూ, అది తనంతట తాను మోగేదాకా ఆగాలి. ఆ యాప్‌తో విసిగిపోయినవాళ్లకి దగ్గరి దారి ఒకటుంది: ఫోన్‌తో పాటు వచ్చిన గడియారం యాప్‌లోనే 5:30కి అలారం పెట్టి, పేరు దగ్గర "థైరాయిడ్ మాత్ర" అని రాసుకోవచ్చు. మాత్ర వేసుకున్నారో లేదో లెక్క అది రాసిపెట్టదు గానీ, నిద్రలేపడంలో మాత్రం దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.