సుజాతలో ‘సు’, తానియాలో ‘తా’

సుజాత, తానియా బిశ్వాస్ అక్కాచెల్లెళ్లు. ఇంజినీరింగ్, ఎంబీఏ చదివి పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు చేశారు. 2016లో చెరో మూడు లక్షలు వేసుకుని ముంబైలో చీరల వ్యాపారం మొదలుపెట్టారు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ‘సుతా’. ఒడియాలో ఆ మాటకు నూలు అని అర్థం. మనకైతే సుత అంటే కూతురు, అదీ నప్పింది!

వాళ్లకు పేరు తెచ్చింది మల్‌మల్ చీర.

మగ్గం మీద పడుగు దారం రాపిడికి తెగిపోతుంది. అందుకే నేతగాళ్లు దానికి గంజి పట్టిస్తారు. బెంగాల్లో పేలాల గంజి కూడా వాడతారు. ఆ గంజి బట్టలోనే ఉండిపోతే కొత్త చీర అట్టలా నిలబడుతుంది. కొన్ని ఉతుకులు పడితేగానీ మెత్తబడదు. సన్న నూలుతో నేసి, గంజి వదిలించిన మల్‌మల్ మొదటి రోజే ఒంటికి హత్తుకుంటుంది. రోజూ ఆఫీసుకు చీర కట్టాలనుకునే అమ్మాయిలకు కావలసింది అదే.

చిక్కూ ఉంది. గంజి లేని చీర ఇట్టే నలుగుతుంది, కుచ్చిళ్లు నిలవవు. ఫెళఫెళలాడే నేతచీరే కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. అలాంటివారు ఇంట్లో పలచగా గంజి పెట్టుకుంటే సరి.