పుచ్చకాయ రిపోర్టు

తెలుగులో ఒక చిక్కుంది. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. శుక్రవారం సాయంత్రం క్లయింటుకు పంపే స్టేటస్ రిపోర్టు చాలాసార్లు ఈ సందులోంచే జారిపోతుంది. రాసేవాడి మనసులో ఉన్నది పసుపు, గడిలో పడేది ఆకుపచ్చ.

రిపోర్టు చూడ్డానికి చిన్న పట్టిక. వరుసకో పని, పక్కన ఒక రంగు. గ్రీన్ అంటే అనుకున్న తేదీకే అవుతుంది. ఆంబర్ అంటే ఆలస్యం ఉంది కానీ మా దగ్గరే సర్దుకోగలం. రెడ్ అంటే తేదీ తప్పుతుంది, లేదా మీరు కల్పించుకోకపోతే బయటపడలేం. పైకి గ్రీన్, కోస్తే రెడ్ అయిన వాటికి ఈ రంగంలో పుచ్చకాయ అని పేరు.

నేను హైదరాబాద్‌లో ప్రాజెక్టులు నడిపిన రోజుల్లో నా చేతిలోనూ ఒకటి పండింది. క్లయింటు అమెరికాలో ఒక బీమా కంపెనీ. 2 లక్షల పాలసీల వివరాలు పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి చేర్చాలి. డేటా తరలింపు వరుసలో మూడు వారాలు ఒకటే మాట: 90 శాతం పూర్తి, గ్రీన్. అబద్ధమేమీ కాదు. కానీ అయిపోయింది ఎంత అని కాకుండా మిగిలింది ఎంత అని లెక్క తీస్తే కథ వేరుగా ఉంది. మొదటి వారం 20,000, రెండో వారం 19,000, మూడో వారం 18,500. సులువైనవన్నీ ముందే అయిపోయాయి. మిగిలినవాటిలో 14,000 పాలసీలకు పుట్టిన తేదీయే లేదు. ఈ నడకన పోతే నెలలు పడుతుంది, టెస్టింగేమో జూన్ 3న మొదలవ్వాలి.

టీమ్ లీడ్‌ని అడిగితే, "మొదటి వారమే ఆంబర్ అని రాశాను సార్, పైకి వెళ్లేసరికి గ్రీన్ అయింది" అన్నాడు. మార్చింది నేనే. వచ్చే వారానికి సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఈ భయం మనకొక్కళ్లకే కాదు. 2006లో ఫోర్డ్ కార్ల కంపెనీ వందల కోట్ల డాలర్ల నష్టంలో ఉండగా, కొత్తగా వచ్చిన అధిపతి అలన్ ములాలీ ముందు గురువారం మీటింగుల్లో అందరూ గ్రీన్ చార్టులే పెట్టేవారు. చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి ఒక్కడు, కెనడా ఫ్యాక్టరీలో ఎడ్జ్ కారు విడుదల ఆగిందని రెడ్ చూపించాడు. గది నిశ్శబ్దమైంది. ములాలీ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాతి వారాల్లో మిగతావాళ్ల చార్టుల్లోనూ రంగులు మారాయి.

మా క్లయింటు చప్పట్లు కొట్టే రకం కాదు. అందుకే రెడ్ పెట్టేముందు వాళ్ల మేనేజర్‌కి ఫోన్ చేశాను. రిపోర్టు తెరిచాక తెలిస్తే కోపం రెట్టింపు అవుతుంది. ఫోన్లో పది నిమిషాలు తిట్లు తిన్నాక, మే 17న పంపిన వరుస ఇది:

"డేటా తరలింపు: రెడ్ (గత మూడు వారాలు గ్రీన్ అని చూపడం మా పొరపాటు). మిగిలినవి 18,500. వీటిలో 14,000కు పుట్టిన తేదీ లేదు. టెస్టింగ్ జూన్ 3 నుంచి 17కు జరుగుతుంది. మిగతా 4,500 మీద మేం ఇద్దరిని అదనంగా పెట్టాం. మీ నుంచి కావాల్సింది: ఆ తేదీలు ఎక్కడ దొరుకుతాయో మే 22 బుధవారంలోగా చెప్పాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ టెస్టింగ్ ఒక రోజు వెనక్కి పోతుంది."

ఇందులో "కొన్ని సవాళ్లు ఎదురవుతున్నాయి" లాంటి మాట లేదు. ఎంత మిగిలింది, ఏ తేదీ కదిలింది, ఎవరు ఏ రోజులోగా ఏం చేయాలి, అంతే. మంగళవారానికే జవాబొచ్చింది. పాత దరఖాస్తుల స్కానింగ్ కాపీలు వాళ్ల ఇంకో విభాగంలో ఉన్నాయట. నేను మూడు వారాలు దాచిన ప్రశ్నకు జవాబు నాలుగు రోజుల్లో దొరికింది.

అప్పటి నుంచి రంగుని మా ఇష్టానికి వదల్లేదు. మూడు పనిదినాల లోపు ఆలస్యమైతే గ్రీన్, పది దాకా ఆంబర్, అది దాటినా, ఆఖరి తేదీ కదిలినా రెడ్ అని ప్రాజెక్టు మొదట్లోనే క్లయింటుతో కలిసి రాసుకునేవాళ్లం. మొత్తం ప్రాజెక్టు రంగు సగటు కాదు. పది వరుసల్లో తొమ్మిది గ్రీన్ అయినా, ఆఖరి తేదీ ఏ వరుస మీద వేలాడుతోందో దాని రంగే అసలు రంగు. ప్రతి వరుస పక్కనా గత నాలుగు వారాల రంగులు కూడా ఉంచేవాళ్లం. వరసగా నాలుగు ఆంబర్‌లు కనిపిస్తే అది రెడ్ అని చెప్పడానికి ఎవరో మొహమాటపడుతున్నారని. గ్రీన్ నుంచి ఒక్కసారిగా రెడ్‌కి దూకితే ముందు వారాల గ్రీన్ మీదే అనుమానం. తప్పించుకోవడానికి అన్నిటికీ ఆంబర్ పూసేవాళ్లూ ఉంటారు. అలాంటి రిపోర్టులో దేన్ని ముందు చూడాలో క్లయింటుకి తెలియదు.

తర్వాతి శుక్రవారం 11,000 తేదీలు దొరికాయి. గ్రీన్ పెట్టేద్దామా అని టీమ్ లీడ్ అడిగాడు. టెస్టింగ్ ఇంకా జూన్ 17కే ఉంది. రెడ్ అలాగే ఉంచి పంపాం.