పెద్దసేటు స్వాగతోపన్యాసం వీడియోగా మారిన వైనం

మా షోలాపూర్ తూర్పు భాగంలో ఒక టవల్ కార్ఖానాకు ఈమధ్య యాభై ఏళ్లు నిండాయి. పెట్టిన పెద్దాయన ఇంకా ఉన్నారు. ఆయన్ని అందరూ పెద్దసేటు అంటారు. వేడుకనాడు వచ్చినవాళ్లందరికీ తానే స్వాగతం పలకాలని ఆయన పట్టుదల. నాలుగు పేజీల ఉపన్యాసం స్వయంగా రాసుకున్నారు కూడా. కానీ మోకాళ్లు సహకరించవు, పది నిమిషాలు నిలబడితే గొంతు పోతుంది. అందుకని ఆ ఉపన్యాసాన్నే వీడియో తీసి తెర మీద చూపిద్దామని వాళ్ల అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. మా నాన్న అదే కార్ఖానాలో జాబర్‌గా చేశాడు. కాదనలేకపోయాను.

మన సంఘాల్లో, కార్ఖానాల్లో ఇలాంటి వేడుకలు ఏటేటా పెరుగుతున్నాయి. పిల్లలు ఫోన్లతోనే వీడియోలు తీసేస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని ఈ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

మొదట చూడవలసింది కాలం. పెద్దసేటును ఒక పేజీ చదవమని గడియారం పట్టాను. 205 మాటలకు రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి సుమారు 88 మాటలు. నాలుగు పేజీల్లో 820 మాటలు ఉన్నాయి కాబట్టి మొత్తం చదివితే తొమ్మిది నిమిషాలు దాటుతుంది. వేదిక మీద మనిషి కళ్ల ముందు నిలబడితే తొమ్మిది నిమిషాలు వింటారు. తెర మీద నాలుగు దాటితే వెనక కుర్చీల్లో మాటలు మొదలవుతాయి. ఆ నాలుగులో ఒక నిమిషం మాట లేకుండా బొమ్మకు వదలాలి. మిగిలిన మూడు నిమిషాలకు 264 మాటలు సరిపోతాయి. అంటే మూడు మాటల్లో రెండు తీసేయాలి.

ఏవి తీయాలి? మొదటి పేజీ అంతా అతిథుల పేర్లే, ఇరవై మూడు. అవి తీసి, వేదిక మీద మైకు పట్టుకునే అబ్బాయికి ఇచ్చాం. మారిపోయే సంగతులేవీ వీడియోలో పెట్టకూడదు. వస్తానన్న పెద్దమనిషి ఆనాడు రాకపోతే, తెర మీద ఆయనకు స్వాగతం, కుర్చీ మాత్రం ఖాళీ. అప్పటికప్పుడు చెప్పాల్సినవి మనిషే చెప్పాలి.

తర్వాత కాగితాన్ని నిలువునా రెండుగా మడిచాను. ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది. వీడియో రాత అంటే ఇంతే. కుడి పక్క ఆయన వాక్యాలు వరసగా రాసి, ప్రతి వాక్యానికీ ఎదురుగా ‘ఇక్కడ ఏం కనిపిస్తుంది?’ అని అడుగుతూ పోయాను. మనిషి మొహం కాకుండా మధ్యలో చూపే బొమ్మను కట్‌అవే అంటారు. దాంతో రెండు పనులున్నాయి. ఒక వాక్యం తీసేసి ముందు వెనకలు అతికిస్తే, మాట్లాడే మనిషి తల టక్కున ఎగిరినట్టు కనిపిస్తుంది. అతుకుకు ఒక సెకను ముందు మొదలై, ఒక సెకను తర్వాత ముగిసే కట్‌అవే ఆ కుదుపును కప్పేస్తుంది. ఇది మొదటి పని. మాట చెప్పనిది బొమ్మ చెప్పడం రెండో పని. అసలు కష్టం ఇక్కడే.

‘నాణ్యతే మన ప్రాణం’ అని ఒక వాక్యం ఉంది. దానికి ఎదురుగా ఏం చూపాలి? గాజు తలుపుల బీరువాలో టవళ్ల దొంతరా? ఏ కార్ఖానా వీడియోలోనైనా అదే ఉంటుంది. పెద్దసేటునే అడిగాను: “సేట్, మంచి టవల్ అంటే ఏంది?” ఆయన కాగితం పక్కన పెట్టి చేతులతో చెప్పడం మొదలుపెట్టారు. “రెండు భీములుంటయి గద. కిందిది బిగువుగ ఉండాలె, పైది వదులుగ ఉండాలె. మూడు పోగులు పడినంక ఫణి ఒక్కసారే దగ్గరికి కొట్టాలె. అప్పుడు పైదారం లేచి బుడిపె అయితది. పైభీము జర బిగిసిందా, టవల్ బోడిగుండే!” నవ్వారు. మూలవాక్యం కొట్టేసి ఈ మాటలే ఉంచాం. ఎదురుగా ఫణి కొట్టగానే బుడిపెల వరస లేచే దగ్గరి బొమ్మ పెట్టాం. సాంచా మీద బతికినవాళ్లకు అది తెలిసినదే. కానీ మన పిల్లల్లో చాలామంది టవల్‌కు ఆ మెత్తదనం ఎలా వస్తుందో ఎన్నడూ చూడలేదు.

రెండో పేజీలో ‘కష్టపడి, పైసా పైసా కూడబెట్టి మొదటి సాంచా కొన్నాను’ అని ఉంది. ఎదురుగా ఏం రాయాలో తోచలేదు. ఎవరి పైసలు అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఊరుకుని లోపలికి చూశారు. “మీ అత్తమ్మ బీడీలు చుట్టింది” అన్నారు. పగలు రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, రాత్రి కండెలు చుట్టిందట. నాలుగు పేజీల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. దాచాలని కాదు, ఉపన్యాసంలో ఇంటి ఆడవాళ్ల మాట తేవడం ఆయన కాలంలో అలవాటు లేదు, అంతే. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, దాని మీద ఆమె చేతుల బొమ్మ వేద్దామన్నాను. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. “నా చేతులేంది నాయనా, ముడతలు పడ్డయి” అంది. చివరికి చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొడి నింపి, చుట్టి, దారం కట్టింది. ఇన్నేళ్లయినా వేళ్లు మర్చిపోలేదు. ఎనిమిది సెకన్ల బొమ్మ. పెద్దసేటు గొంతు ‘కొన్నాను’ అంటుంటే తెర మీద ఆమె వేళ్లు కదులుతాయి. ఇంకొక్క మాట అక్కర్లేదు.

మూడో పేజీ దగ్గర పని ఆగిపోయింది. ‘యాభై ఏళ్లలో మన సాంచా ఒక్కనాడు కూడా ఆగలేదు’ అని రాశారు. వాళ్ల అబ్బాయి దాని మీద పరుగెత్తే సాంచాల బొమ్మ వేయమన్నాడు. నాకు చెయ్యి రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఊళ్లో సాంచాలన్నీ ఆగాయి. ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదని చెప్పినవాళ్లున్నారు. వేడుకలో ముందు వరసలు దాటితే కూర్చునేదంతా ఆ రోజులు గడిపినవాళ్లే. నేసినంతకే కూలి కాబట్టి, సాంచా ఆగితే ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. కాగితం మీద ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. దాని మీద పరుగెత్తే సాంచాలు చూపిస్తే మాత్రం, హాల్లో సగం మంది పక్కవాడి మొహం చూస్తారు.

ఈ మాట పెద్దసేటుకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాక ఆయనకు కోపం రాలేదు. “ఆగింది, నిజమే” అన్నారు. కాసేపటికి, “మొదటి నెల బియ్యం ఇచ్చిన, పైసలిచ్చిన. రెండో నెల ఇయ్యలేకపోయిన. కొందరు ఊరికి పోయిండ్రు, మల్ల రాలే. అది చెప్పచ్చునా?” అని అడిగారు. చెప్పవచ్చన్నాను. అబ్బాయికి నచ్చలేదు, పండగపూట ఇదంతా ఎందుకన్నాడు. పెద్దసేటు మాత్రం, “వాళ్లకు తెల్వందా? మనం చెప్పకుంటే మనమే మర్చిపోయినమనుకుంటరు” అన్నారు. ఆ భాగం కాగితం మీద ఇలా తయారైంది:

మొదటి బొమ్మ: షెడ్డంతా ఒకేసారి కనిపిస్తుంది, సాంచాలు నడుస్తుంటాయి. వినిపించేది సాంచాల చప్పుడు మాత్రమే. 5 సెకన్లు.

రెండో బొమ్మ: ఒక చెయ్యి స్విచ్చి ఆపుతుంది. చప్పుడు తెగిపోతుంది. 3 సెకన్లు.

మూడో బొమ్మ: ఆగిన సాంచా మీద కదలని నాడె. ఏమీ వినిపించదు. 4 సెకన్లు.

నాలుగో బొమ్మ: పెద్దసేటు మొహం, దగ్గరగా. “మొదటి నెల ఇచ్చిన…” అని మొదలై “మల్ల రాలే” దాకా. మధ్యలో ఏ కట్‌అవే లేదు. 15 సెకన్లు.

ఐదో బొమ్మ: ఈనాడు అంచులు కుట్టే ఆడవాళ్లు, మడత పెట్టేవాళ్లు, జాబర్లు. ఒక్కొక్కరు కెమెరా వైపు చూస్తారు. సాంచాల చప్పుడు మెల్లగా తిరిగి వస్తుంది. 12 సెకన్లు.

నాలుగో దానిలో కట్‌అవే ఎందుకు లేదంటే, మనిషి కష్టమైన మాట చెప్పేటప్పుడు మొహం తప్పిస్తే, ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఆ పదిహేను సెకన్లు కోత లేకుండా ఒకే బిగిన చెప్పించాం. మూడుసార్లు తీయవలసి వచ్చింది.

తీసేటప్పుడు తెలిసిన సంగతులు కొన్ని. షెడ్డులో మాట రికార్డు కాదు. పెద్దసేటును మడత గదిలో, టవళ్ల కట్టల మధ్య కూర్చోబెట్టాం. చుట్టూ ఉన్న టవళ్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి, గొంతు స్టూడియోలో తీసినంత శుభ్రంగా వచ్చింది. సాంచాల చప్పుడు వేరేగా ఒక నిమిషం తీసుకుని తర్వాత కలిపాం. పాత ట్యూబులైట్ల కింద ఫోనుతో తీస్తే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం 1/50 దగ్గర పెడితే అవి పోతాయి. దూది ధూళి లెన్సు మీద పడి బొమ్మ మసకబారుతుంది, ప్రతి బొమ్మకు ముందు తుడవాలి. నాడె ఎగిరే వరుసలో మాత్రం ఎవరూ నిలబడకండి. నాడె తప్పి బయటకు వస్తే దెబ్బ గట్టిది.

నాలుగైదు సెకన్ల కట్‌అవే కావాలంటే పది సెకన్లు తీయాలి. పనివాళ్లను ‘ఆగు, మళ్లీ చెయ్యి’ అనకూడదు. వాళ్ల కూలి మన వీడియోకు పోతుంది. మేము సాంచాలు నడుస్తుండగానే తీశాం. స్విచ్చి ఆపే బొమ్మ, కదలని నాడె బొమ్మ మాత్రం భోజన వేళ తీశాం.

వీడియో చివరికి నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది. వేడుకనాడు బుడిపెలు లేచినప్పుడు పిల్లలు ముందుకు వంగి చూశారు. చప్పుడు తెగిపోయినప్పుడు హాలు కూడా నిశ్శబ్దమైంది. అత్తమ్మ చేతులు కనిపించినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఈలలు వినిపించాయి. ఆమె తలవంచుకుని కూర్చుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కత్తిరించినవి పారేయకండి. పెద్దసేటు నాతో మాట్లాడినదంతా కలిపితే నలభై నిమిషాలకు పైగా ఉంది. దాన్ని కోయకుండా రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి వాళ్ల ఇంట్లో ఇచ్చాను, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. మా నాన్న ఏ సాంచా మీద పని నేర్చుకున్నాడో ఆయన అందులో చెప్పారు. అది నాలుగు నిమిషాల్లో పట్టలేదు.