ఫ్లూ టీకాకు ఏటా మార్కులు వేసేదెలా?

2014–15 చలికాలంలో అమెరికాలో ఫ్లూ టీకా పనితనం 19 శాతమని తేల్చారు. టీకా వేయించుకున్న వందమందిలో 81 మందికి ఫ్లూ వచ్చిందని దీనర్థం కాదు. అసలు ఆ అంకె ఎక్కడిదో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఫ్లూ వైరస్ రూపు మారుతూనే ఉంటుంది. దానికి తగ్గట్టు టీకానూ మారుస్తుంటారు. అప్పట్లో అక్కడ ఆరు నెలలు నిండిన దాదాపు అందరినీ టీకా వేయించుకోమనేవారు కాబట్టి, ప్రయోగం పేరుతో ఏటా సగంమందికి ఉత్తుత్తి సూది వేయలేకపోయేవారు. పోనీ వేయించుకున్నవాళ్లనీ, వేయించుకోనివాళ్లనీ పోల్చేద్దామంటే అదీ కుదరదు. టీకాకు పరిగెత్తేవాళ్లు చిన్న దగ్గుకే డాక్టరు దగ్గరికీ పరిగెత్తుతారు. లెక్క అక్కడే తప్పుతుంది.

అందుకని దగ్గుతో ఆస్పత్రికి వచ్చినవాళ్లనే తీసుకుంటారు. జబ్బు మొదలై వారం దాటకూడదు. దాటితే ముక్కులో వైరస్ తగ్గిపోయి, ఫ్లూ ఉన్నా లేదని రావచ్చు. ముక్కులోంచి నమూనా తీసి పీసీఆర్ పరీక్ష చేస్తారు. పాజిటివ్ ఒకవైపు, నెగటివ్ ఒకవైపు. నెగటివ్ వచ్చినవాళ్లకు వేరే ఏదో వైరస్ పట్టింది, కానీ వాళ్లూ అదే దగ్గుతో అదే గుమ్మం తొక్కారు. పోలికకు వాళ్లే సరి.

ఊహకు వెయ్యిమంది అనుకోండి. 300 మందికి ఫ్లూ. వాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు 100, వేసుకోనివాళ్లు 200. ఫ్లూ లేని 700 మందిలో చెరో 350. మొదటి గుంపులో నిష్పత్తి సగం, రెండో దాంట్లో ఒకటి. సగాన్ని ఒకటితో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేస్తే పనితనం 50 శాతం. టీకా లేకుండా పదిమంది ఫ్లూతో డాక్టరు దగ్గరికి వెళ్లే చోట, టీకాతో అయిదుగురే వెళ్తారన్నమాట. అసలు ఎంతమందికి ఫ్లూ వస్తుందో ఈ లెక్క చెప్పదు. వయసు, పాత జబ్బులు వంటివాటికి సవరణలు చేశాకే అసలు అంకె ప్రకటిస్తారు.

కోవిడ్ వచ్చాక ఓ చిక్కు వచ్చిపడింది. ఫ్లూ టీకా వేసుకునేవాళ్లు తరచు కోవిడ్ టీకా కూడా వేసుకుంటారు. కాబట్టి ఫ్లూ నెగటివ్ గుంపులోకి కోవిడ్ రోగులు చేరితే, అక్కడ టీకాలు వేసుకోనివాళ్లు ఎక్కువై ఫ్లూ టీకా ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. అందుకే వాళ్లను ముందే ఏరేయడం మంచిది.

ఇక ఆ 19 శాతాన్ని విడదీసి చూద్దాం. ఆ ఏడాది ఎక్కువగా తిరిగిన హెచ్3ఎన్2 మీద పనితనం 6 శాతమే. పైగా అది మైనస్ 5 నుంచి 17 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మధ్యలో సున్నా ఉంది కాబట్టి, పనిచేసిందని గట్టిగా చెప్పలేం. టీకా కోసం 'టెక్సాస్' రకాన్ని ఎంచుకున్నాక, బయట వైరస్ 'స్విట్జర్లాండ్' రకానికి మళ్లింది. అదే టీకా యమగాటా బి రకం మీద మాత్రం 55 శాతం పనిచేసింది. మరుసటి ఏడు టీకాలో స్విట్జర్లాండ్ రకాన్ని పెట్టారు, పనితనం 48 శాతానికి పెరిగింది. అయితే ఆ గొప్పంతా ఆ మార్పుకే కట్టబెట్టలేం: ఆ చలికాలం ఎక్కువగా తిరిగింది హెచ్1ఎన్1.