వియత్నామీస్‌లో పదం ఆగే చోటు

వియత్నామీస్‌లో అచ్చులు 11. వాటన్నిటినీ మొదటి వారమే వల్లె వేయిస్తే పసివాడికి అయోమయమే మిగులుతుంది. హల్లు తోడు లేకుండా నిలవగలిగే అచ్చులతో మొదలుపెట్టడం మేలు. ముందు ఆ, ఇ, ఊ, ఓ వంటివి. తర్వాత కొత్త ధ్వని ఒకటి: 'ఊ' అంటూ, నాలుకను కదపకుండా, పెదవులను నవ్వినట్టు సాగదీస్తే వస్తుంది. అద్దం ముందు నేర్పితే త్వరగా పట్టుబడుతుంది.

రెండు పొట్టి అచ్చులను మాత్రం అప్పుడే ముట్టుకోకూడదు. వాటి వెనుక ఎప్పుడూ ఏదో ఒక ధ్వని వచ్చి తీరాలి. అందుకే ముందు పదాంతంలోని మ, న, ఙ నేర్పాలి. హనోయ్ ఉచ్చారణలో 'బాన్' అంటే బల్ల, 'బాఙ్' అంటే బాదం చెట్టు. సైగాన్ వైపు ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఏదో ఒక ప్రాంతపు ఉచ్చారణనే పట్టుకోవాలి. ఆ తర్వాత 'తామ్' అంటే ఎనిమిది, 'తమ్' అంటే స్నానం చేయడం. స్వరం ఒకటే, తేడా ముఖ్యంగా అచ్చు నిడివిది. తెలుగు పిల్లలకు ఇది తేలిక.

వాళ్లకు కష్టం ప, త, క దగ్గర. పదం చివర నోరు మూసుకోవాలి, గాలి విడవకూడదు. 'క్' తర్వాత సన్నని 'ఉ' వినిపిస్తే తప్పినట్టే.

సంయుక్తాచ్చులు మూడూ చివరన. చెరకు 'మీఅ'లో హల్లు లేదు, సముద్రం 'బిఎన్'లో ఉంది. అచ్చు ఒకటే అయినా రాత మారుతుంది.