చుక్క ఎక్కడ పడాలి?

గత ఆదివారం సాయంత్రం ఖమ్మం నుంచి మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఏడో తరగతి లెక్కల వర్క్‌షీట్. అందులో దశాంశ గుణకారాలు ఆరు. "పిన్నీ, అన్నీ పెన్సిల్‌తో చేశాను. నువ్వు సరే అంటే పెన్నుతో రాసి రేపు ఇచ్చేస్తా" అని కింద మెసేజ్. ట్యూబ్‌లైటు వెలుతురులో తీసిన ఫొటో. కాగితం మీద సగం వరకు ఫోను నీడ పడింది.

మూడో లెక్క దగ్గర నా చూపు ఆగింది. 19.6 × 4.05 = 7.938 అని ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"తల్లీ, 19.6 అంటే దాదాపు ఎంత?"

"ఇరవై."

"4.05?"

"నాలుగు."

"ఇరవై నాలుగులు ఎంత?"

"ఎనభై" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. "అయ్యో, నేను ఎనిమిది కూడా లేకుండా రాశానేంటి పిన్నీ!"

తన గుణకారంలో తప్పేమీ లేదు. పాయింట్లు పక్కన పెట్టి 196ని 405తో గుణిస్తే 79380 వస్తుంది, తనకీ అదే వచ్చింది. రెండు సంఖ్యల్లో కలిపి పాయింటు తర్వాత మూడు అంకెలున్నాయి కాబట్టి జవాబులోనూ కుడివైపు నుంచి మూడు అంకెలు లెక్కపెట్టి పాయింటు పెట్టాలి. అప్పుడు 79.380 అవుతుంది. కానీ తను చివరి సున్నాను ముందే కొట్టేసి, మిగిలిన 7938లో మూడు స్థానాలు లెక్కపెట్టింది. చివరి సున్నాకు విలువ లేదన్న మాట పాయింటు పెట్టాక నిజం. పెట్టకముందు ఆ సున్నా కూడా ఒక స్థానమే. దాన్ని తీసేస్తే జవాబు పదో వంతుకు పడిపోతుంది.

ఇలాంటి తప్పును పట్టుకోవడానికి మళ్లీ గుణించక్కర్లేదు. ప్రతి సంఖ్యలో సున్నా కాని మొదటి అంకెను ఉంచి, దాని పక్క అంకె 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒకటి పెంచి, మిగతావి వదిలేస్తే చాలు. 19.6 ఇరవై అవుతుంది, 4.05 నాలుగవుతుంది, 0.49 అర అవుతుంది. అలా సవరించిన రెండింటినీ నోటితో గుణించి, ఆ అంచనాను లెక్క పక్కన చిన్నగా రాసుకోవాలి. జవాబు చూడకముందే రాసుకోవడం మంచిది. చూశాక వేసే అంచనా తెలియకుండానే ఆ జవాబు వైపు మొగ్గుతుంది.

పిల్లలు ఇక్కడ ఒకచోట తడబడతారు. సవరించమనగానే దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరిస్తారు. నాలుగో లెక్క 29.7 × 0.49. పూర్ణ సంఖ్యకు సవరిస్తే 0.49 సున్నా అవుతుంది, అంచనా కూడా సున్నాయే. దానివల్ల ఏమీ తెలియదు. 0.49ని అర అనుకుంటే ముప్పైలో సగం పదిహేను. అసలు జవాబు 14.553. ఒకటి కంటే చిన్న సంఖ్య వచ్చినప్పుడు "దేనిలో ఎంత భాగం" అని అడుగుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

రెండో లెక్కలో అదే పనికొచ్చింది. 0.6 × 0.4 కి తను 2.4 అని రాసింది. కూడికలో పాయింటు కింద పాయింటు రాసే అలవాటు గుణకారంలోకి కూడా వచ్చేసింది. 0.4 మీటరు అంటే నలభై సెంటీమీటర్ల రిబ్బను. అందులో సగం కంటే కాస్త ఎక్కువ కత్తిరిస్తే ఇరవై నాలుగు సెంటీమీటర్లు వస్తుంది గానీ, రెండు మీటర్ల నలభై ఎలా వస్తుంది? జవాబు 0.24.

ఇంత మోటు అంచనాను నమ్మవచ్చా అని మా అక్క అడిగింది. నమ్మవచ్చు, దానికి లెక్క ఉంది. 1.49 × 1.49 తీసుకోండి. సవరిస్తే ఒకటి ఒకట్ల ఒకటి. అసలు జవాబు 2.2201. ఒక్క అంకెకు సవరించి రెండు సంఖ్యలను గుణించేటప్పుడు అంచనా తప్పేది మహా అయితే ఇంతే, అంటే రెండుంపావు రెట్ల లోపు. పాయింటు ఒక్క స్థానం జరిగితే మాత్రం జవాబు ఏకంగా పది రెట్లు మారిపోతుంది. ఈ రెండు తేడాలు ఒకదానితో ఒకటి కలిసిపోయే వీలే లేదు. అందుకే ఇంత మోటు అంచనా కూడా చుక్క స్థానాన్ని కచ్చితంగా చెప్పగలదు.

కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు స్లైడ్ రూల్ అనే జారుడు స్కేలు మీద గుణకారాలు చేసేవారు. ఆ స్కేలు 7, 9, 4 అని అంకెలు మాత్రమే చూపేది. అది 7.94 అవుతుందా, 79.4 అవుతుందా అన్నది మనిషే ఇలా అంచనా వేసి తేల్చుకునేవాడు.

ఐదో లెక్కలో మాత్రం నేనే పొరబడ్డాను. నాకు ఫొటోలో 36 × 2.5 = 9 అని కనిపించింది. నా అంచనా నలభై మూళ్లు నూట ఇరవై. తన జవాబు దరిదాపుల్లో కూడా లేదు. తప్పు అని చెప్పబోయి, ఫొటోను పెద్దది చేసి చూశాను. 3కీ 6కీ మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఉంది. సరిగ్గా అక్కడే ఫోను నీడ. "కాగితం మీద ఏముంది?" అని అడిగితే "3.6" అంది. 3.6 × 2.5 సరిగ్గా తొమ్మిదే. అంచనా కూడా నాలుగు మూళ్లు పన్నెండు, దగ్గరగానే ఉంది.

అంకెలు సరిపోయి జవాబు మాత్రం పది రెట్లు తేడాగా కనిపిస్తే తప్పు రెండు చోట్ల ఉండవచ్చు. బిడ్డ పాయింటు తప్పుగా పెట్టి ఉండవచ్చు, ఫొటోలో ప్రశ్నలోని పాయింటు మాయమై ఉండవచ్చు. కాగితం మీది మచ్చ పాయింటులా కనిపించవచ్చు కూడా. ఏది నిజమో అంచనా చెప్పదు, అసలు కాగితమే చెప్పాలి. బిడ్డే మసక జిరాక్సులో 3.6ని 36 అని చదివి 90 అని రాస్తే అంచనా దాన్ని ఒప్పేసుకుంటుంది. అందుకే ముందు ప్రశ్నలను ఒక్కొక్కటీ ఫోన్‌లో చదివించుకుని, నా కాగితం మీద పాయింట్లతో సహా రాసుకోవడం మొదలుపెట్టాను. ఫొటో కూడా పగటి వెలుతురులో, కాగితం మీద నీడ పడకుండా తీయమన్నాను. స్కాన్ యాప్‌లో నలుపు తెలుపు చేస్తే పెన్సిల్ చుక్కలు చెరిగిపోతాయి, అది వద్దన్నాను. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు.

అంచనాతో దొరకని తప్పులూ ఉన్నాయి. 79.38 బదులు 78.38 అని రాస్తే, అది కూడా ఎనభైకి దగ్గరే. అంకెల తప్పులకు గుణకారాన్ని మళ్లీ చూసుకోవాల్సిందే. అంచనాతో తేలేది చుక్క సంగతి ఒక్కటే.

మిగిలింది ఆరో లెక్క. 12.5 × 0.8 కి తను 1 అని రాసింది. నేను ఆ మాట ఎత్తేలోపే ఫోనులో పెన్సిల్ గీసిన చప్పుడు వినిపించింది. "పది, పాయింటు ఎనిమిది... దాదాపు ఎనిమిది రావాలి. పిన్నీ, 125 ఎనిమిదులు వెయ్యి కదా, ఇక్కడ కూడా ఒక సున్నా ముందే కొట్టేశాను. 10.00, అంటే పది" అంది. ఆ తర్వాతే పెన్ను తీసుకుంది.